రిటర్న్ చేస్తే డబ్బు తగ్గి వచ్చిందా? ఒక్కటే వెనక్కి పంపాలా, అన్నీ పంపాలా, మార్చుకోవాలా, ఉంచేసుకోవాలా

పొద్దున్నే అక్క నుంచి ఒక స్క్రీన్‌షాట్ వచ్చింది. దాని కింద ఒకటే మాట: "వెయ్యి పెట్టి కొన్న బ్యాగు వెనక్కి పంపితే రెండొందల యాభై వేశారురా, ఇదేం లెక్క?"

ఫోన్ చేసేసరికి మంచి కోపం మీద ఉంది. అదే ఆర్డర్‌లో వచ్చిన మిగతా రెండు వస్తువులు కూడా వెనక్కి పంపేస్తానంటోంది. "ఆగక్కా, ఇప్పుడే ఏదీ పంపకు. ముందు ఇన్‌వాయిస్ తెరువు" అన్నాను. తెరిచాక ఇద్దరం ఫోన్‌లోనే లెక్క వేసుకున్నాం. పది నిమిషాల్లో రెండు విషయాలు తేలాయి. 250 తప్పే. కానీ ఆవిడ అడుగుతున్న 1000 కూడా ఆ షాపు రూల్స్ ప్రకారం రాదు. రావాల్సింది 400.

ఈ మూడు అంకెలూ ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే రిటర్న్ నొక్కే ముందు ఏ దారి మంచిదో మీకే తెలుస్తుంది. అందుకే అక్క ఆర్డర్‌నే చివరిదాకా పట్టుకుని చెబుతాను. ఏ దేశపు డబ్బైనా లెక్క ఒకటే కాబట్టి ఉత్త అంకెలే రాస్తున్నాను.

ఆర్డర్ ఇది

షూస్ 2200, బ్యాగు 1000, హెడ్‌ఫోన్స్ 800. మొత్తం 4000. "3500 దాటితే 600 తగ్గింపు" అనే కూపన్ వేసింది. కట్టింది 3400. డెలివరీ ఉచితం. బ్యాగు చిన్నగా ఉందని దాన్నొక్కదాన్నే రిటర్న్ పెట్టింది.

ఇప్పుడు ఆ బ్యాగుకి అక్క కట్టిన డబ్బు ఎంత? చూడగానే 1000 అనిపిస్తుంది. కానీ 600 తగ్గింపు షూస్‌కా, బ్యాగుకా, హెడ్‌ఫోన్స్‌కా అని కూపన్ మీద ఎక్కడా రాసి ఉండదు. అది మూడింటికీ కలిపి వచ్చిన తగ్గింపు. ఒక్కదాన్ని వెనక్కి తీసుకునేటప్పుడు దాని వాటా ఎంతో షాపు తేల్చాలి. దీనికి వాడుకలో ముఖ్యంగా మూడు పద్ధతులున్నాయి.

మొదటిది ధరను బట్టి పంచడం. 4000 మీద 600 అంటే నూటికి 15. కాబట్టి షూస్ వాటా 330, బ్యాగు వాటా 150, హెడ్‌ఫోన్స్ వాటా 120. బ్యాగుకి నిజంగా కట్టింది 850 అవుతుంది. రిటర్న్ చేస్తే 850 వస్తుంది. ఇందులో మీకు నష్టమేమీ లేదు. 150 తగ్గినట్టు కనిపిస్తుంది గానీ, ఆ 150 మీరు కట్టనే లేదు. పైగా షూస్ మీద, హెడ్‌ఫోన్స్ మీద వచ్చిన తగ్గింపు మీ దగ్గరే ఉంటుంది. బ్యాగు వరకు చూస్తే అన్నిటికంటే మంచి పద్ధతి ఇదే.

రెండోది సమానంగా పంచడం. మూడు వస్తువులు, తలా 200. బ్యాగుకి 800 వస్తుంది. ఖరీదైనది వెనక్కి పంపితే ఈ పద్ధతి మీకు లాభం, చౌకది పంపితే నష్టం. షూస్ పంపి ఉంటే మొదటి పద్ధతిలో 1870 వచ్చేది, ఇందులో 2000 వస్తుంది. హెడ్‌ఫోన్స్ అయితే 680కి బదులు 600 వస్తుంది.

మూడోది అసలు చిక్కు తెచ్చేది: మొదటి నుంచీ ఆ వస్తువు కొననట్టే మళ్లీ లెక్క కట్టడం. బ్యాగు తీసేస్తే మిగిలింది 3000. 3500 దాటలేదు కాబట్టి కూపన్ చెల్లదు. అంటే మిగిలిన రెండింటికీ అక్క 3000 కట్టి ఉండాలి. 3400 కట్టింది. తేడా 400 వెనక్కి ఇస్తారు. వెయ్యి బ్యాగుకి 400 అంటే కడుపు మండుతుంది, నిజమే. కానీ పోయింది బ్యాగు డబ్బు కాదు, మొత్తం 600 కూపన్. రూల్స్‌లో ముందే రాసి ఉంటే ఇది మోసం అనలేం. రాయకుండా కోస్తే మాత్రం గట్టిగా అడగాల్సిందే.

వచ్చిన అంకెను బట్టి పద్ధతి పట్టుకోవడం

షాపు ఏ పద్ధతి వాడిందో చాలాసార్లు ఎవరూ చెప్పరు. అంకే చెబుతుంది. 850 వస్తే ధరను బట్టి పంచారు. 800 వస్తే సమానంగా పంచారు. 400 వస్తే కూపన్ రద్దు చేశారు. కాస్త పైసలు అటూ ఇటూ అయితే పట్టించుకోకండి, భాగించినప్పుడు సరిగ్గా తెగని చిల్లరను ఏదో ఒక వస్తువు మీద సర్దుతారు.

అక్కకి వచ్చిన 250 ఈ మూడింట్లో దేనికీ సరిపోలేదు. అప్పుడు వెనక నుంచి లెక్క వేశాం. 850 లోంచి 600 తీసేస్తే 250. దొరికింది! షాపు ముందు బ్యాగు వాటా 150 తగ్గించి 850 చేసింది. ఆ తర్వాత కూపన్ రద్దయిందని మళ్లీ పూర్తి 600 కోసింది. ఆ 600లో బ్యాగు వాటా 150 ఎలాగూ ఉంది. దాన్ని రెండుసార్లు కోశారు. కూపన్ రద్దు చేసినా ఇంకా కోయాల్సింది షూస్, హెడ్‌ఫోన్స్ వాటాలు మాత్రమే, అంటే 450. 850 లోంచి 450 పోతే 400.

రీఫండ్ తక్కువగా వచ్చిందని ఎవరు అడిగినా నేను ముందు చూసేది ఈ డబుల్ కోతనే. పట్టుకోవడం సులువు: డెలివరీ, పికప్, గిఫ్ట్ కోతలేవీ లేకుండానే కోసిన మొత్తం కూపన్ విలువ కంటే ఎక్కువైతే ఎక్కడో తప్పు జరిగింది. అక్క విషయంలో 1000కి 250 వచ్చింది, అంటే 750 కోశారు. కూపనే 600. డెలివరీ ఛార్జీ లేదు, గిఫ్ట్ లేదు. మిగతా 150కి ఏ పేరూ లేదు.

ఇంకా రిటర్న్ పెట్టకపోతే: నాలుగు దారులు

బ్యాగు ఇంకా మీ దగ్గరే ఉందనుకుందాం. నాలుగు దారులున్నాయి. ఏది మంచిదో షాపు వాడే పద్ధతిని బట్టి మారిపోతుంది. చాలా యాప్‌లలో రిటర్న్ ఖాయం చేసే ముందు పేజీలోనే ఎంత వస్తుందో చూపిస్తారు. అక్కడిదాకా వెళ్లి ఆ అంకె చూసి, స్క్రీన్‌షాట్ తీసుకుని, ఖాయం చేయకుండా వెనక్కి వచ్చేయండి. అక్కడ కనబడకపోతే ఇన్‌వాయిస్‌లో ఒక్కో వస్తువు పక్కన తగ్గింపు విడిగా రాశారేమో చూడండి. రాసి ఉంటే కనీసం వాటా ఎంతో తెలుస్తుంది. ఆ తర్వాత కూపన్ నిబంధనల్లో రిటర్న్ గురించిన వాక్యం వెతకండి.

850 చూపిస్తే ఆలోచించక్కర్లేదు. బ్యాగు ఒక్కటే పంపేయండి.

400 చూపిస్తే మాత్రం ఆగాలి. ఇక్కడే చాలామంది అక్కలాగే "అన్నీ పంపేసి కావలసినవి మళ్లీ కొంటాను" అనుకుంటారు. లెక్క వేసి చూద్దాం. అన్నీ పంపితే 3400 మొత్తం వస్తుంది. షూస్, హెడ్‌ఫోన్స్ మళ్లీ కొంటే 3000, కూపన్ వర్తించదు. చేతిలో మిగిలేది 400. బ్యాగు ఒక్కటే పంపినా అదే 400! ఒక్క పైసా లాభం లేకపోగా మూడు పార్సిళ్లు కట్టాలి, 3400 వెనక్కి వచ్చేదాకా ఎదురుచూడాలి, ఈలోపు మీ సైజు షూస్ అయిపోవచ్చు, ధర పెరగవచ్చు. మళ్లీ కొనేటప్పుడు డెలివరీ ఛార్జీ పడితే ఆ మేరకు నష్టం కూడా. ఇక షాపు మొదటి పద్ధతి వాడేదైతే అన్నీ పంపడం పెద్ద పొరపాటే. 850 వచ్చే చోట 400తో సరిపెట్టుకున్నట్టు అవుతుంది.

అన్నీ పంపి మళ్లీ కొనడం లాభించేది రెండే సందర్భాల్లో: 3000కి పనికొచ్చే వేరే కూపన్ ఇప్పుడు నడుస్తుంటే, లేదా ఆ వస్తువుల ధర ఈలోపు తగ్గి ఉంటే. ఉదాహరణకి "2500 దాటితే 300 తగ్గింపు" ఉంటే మళ్లీ కొనడానికి 2700 చాలు, చేతిలో 700 మిగులుతుంది. కానీ అలాంటి చిన్న కూపన్ మీరు కొన్న రోజున కూడా ఉండి ఉంటే, ఇంత తిప్పలు పడకుండా ముందు కస్టమర్ కేర్‌ని అడగండి: "పెద్ద కూపన్ రద్దు చేస్తే, మిగిలిన 3000కి ఆ రోజు ఉన్న 300 కూపన్ వర్తింపజేయండి" అని. బ్యాగు కొననట్టే లెక్క కడుతున్నప్పుడు, కొననివాళ్లకి దొరికే తగ్గింపు కూడా ఇవ్వడం న్యాయం. అన్ని షాపులూ ఒప్పుకోవు, అడిగితే మాత్రం పోయేదేమీ లేదు.

మూడో దారి మార్చుకోవడం. సైజో రంగో మాత్రమే తేడా అయితే నా ఓటు దీనికే. అదే వస్తువు వేరే సైజులో తీసుకుంటే ఆర్డర్ మొత్తం మారదు, కూపన్ అలాగే ఉంటుంది, డబ్బు గొడవే రాదు. ఒక్క జాగ్రత్త. కొన్ని షాపుల్లో ఎక్స్ఛేంజ్ అని పేరు ఉన్నా లోపల జరిగేది రిటర్న్, ఆపైన కొత్త ఆర్డర్. అలా అయితే పాత ఆర్డర్ 3500 కిందికి పడిపోయి కూపన్ ఎగిరిపోయే ప్రమాదం ఉంది. ఎక్స్ఛేంజ్ నొక్కినప్పుడు కొత్త ఆర్డర్ నంబర్ ఇచ్చి మళ్లీ డబ్బు కట్టమంటే అది ఈ రకమే. ఖాయం చేయకుండా ఆగి, పాత కూపన్ ఏమవుతుందో చాట్‌లో రాతపూర్వకంగా అడగండి. వేరే వస్తువుకి మార్చుకుంటే ఇంకో తేడా వస్తుంది: మీ పాత బ్యాగుని 850గా లెక్కగట్టి, కొత్త 1000 బ్యాగుకి ఇంకో 150 కట్టమంటారు. ఇది కూపన్ వాటా తేడా, తప్పుగా కోసిన కోత కాదు.

నాలుగో దారి ఉంచేసుకోవడం. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, కానీ కూపన్ రద్దు చేసే షాపులో చాలాసార్లు ఇదే మంచిది. ప్రశ్న ఒక్కటే: ఈ బ్యాగు మీకు 400 విలువ కూడా చేయదా? చెల్లెలికి ఇచ్చినా, తెలిసినవాళ్లకి 500కి అమ్మినా రిటర్న్ కంటే లాభమే. వెనక్కి పంపే వస్తువు ఎంత చౌకదైతే ఈ దారి అంత గట్టిపడుతుంది. బ్యాగు బదులు 800 హెడ్‌ఫోన్స్ వెనక్కి పంపి ఉంటే మిగిలింది 3200, కూపన్ పోతుంది, వచ్చేది ఉత్త 200. అదే 2200 షూస్ పంపితే 1600 వస్తుంది, పంచే పద్ధతితో పోలిస్తే 270 మాత్రమే నష్టం. కూపన్ రద్దయితే పోయేది ఎప్పుడూ ఒకే మొత్తం కాబట్టి, చిన్న వస్తువు మీద ఆ దెబ్బ పెద్దగా తగులుతుంది.

ఇదే కారణం వల్ల ఇంకో మాట కూడా నిజం. కూపన్ ఒకసారి పోయాక రెండో వస్తువు పూర్తి ధరకే వెనక్కి పోతుంది. బ్యాగు, హెడ్‌ఫోన్స్ రెండూ పంపితే మిగిలింది 2200, రీఫండ్ 1200. అంటే బ్యాగుకి 400, హెడ్‌ఫోన్స్‌కి అచ్చంగా 800. కాబట్టి రెండిటి మీదా మీకు అనుమానం ఉంటే, కూపన్ రద్దు చేసే షాపులో రెండూ పంపడమే మేలు. ఒకటి పంపినా, రెండు పంపినా పోయేది అదే 600.

రెండు మూడు విడతలుగా పంపేవాళ్లు ఇక్కడ బాగా జాగ్రత్తగా ఉండాలి. మొదట బ్యాగు పంపి 400 తీసుకున్నారు. వారం తర్వాత షూస్, హెడ్‌ఫోన్స్ కూడా పంపారు. వాటికి 2200, 800 పూర్తిగా రావాలి, ఎందుకంటే వాటి మీది తగ్గింపు మొదటి రిటర్న్‌లోనే కోసేశారు. కానీ సిస్టమ్ మళ్లీ వాటా తగ్గించి 1870, 680 వేసేస్తే మీ చేతికి మొత్తం 2950 వస్తుంది. కట్టింది 3400. ఏ వస్తువూ మీ దగ్గర లేదు, 450 మాత్రం వాళ్ల దగ్గర ఉండిపోయింది. ఒక్కో రీఫండ్ విడిగా చూస్తే ఇది కంటికి ఆనదు. అన్నీ వెనక్కి పంపాక వచ్చినవన్నీ కూడి, కట్టిన మొత్తంతో పోల్చి చూడండి. ముందే చెప్పిన డెలివరీ, పికప్ ఛార్జీలు తప్ప తేడా ఉండకూడదు.

"ఒకటి ఉచితం" ఆఫర్లు కూడా ఇదే కుటుంబం. 600 చొప్పున మూడు తీసుకుని రెండింటికే 1200 కడితే, ఒకటి వెనక్కి పంపినప్పుడు పంచే షాపు 400 ఇస్తుంది, మళ్లీ లెక్క కట్టే షాపు ఏమీ ఇవ్వదు. మిగిలిన రెండింటి ధరే 1200 కదా. అక్కడ ఒక్కదాన్ని పంపడం అంటే ఊరికే ఇచ్చేయడమే.

డెలివరీ ఛార్జీ పేరుతో పోయేది

దీన్ని మూడుగా విడదీసి చూడాలి, లేకపోతే కస్టమర్ కేర్ వాళ్లు ఒకటి చెబితే మనం ఇంకోటి అర్థం చేసుకుంటాం. వస్తువు మీ ఇంటికి తెచ్చినందుకు మొదట కట్టింది ఒకటి. వెనక్కి తీసుకెళ్లినందుకు కోసే పికప్ ఛార్జీ ఇంకోటి. ఇక మూడోది, ఉచిత డెలివరీకి కావలసిన మొత్తం కిందికి ఆర్డర్ పడిపోయిందని ఇప్పుడు కొత్తగా వేసేది. అక్క ఆర్డర్‌లో "3200 దాటితే ఉచితం, లేకపోతే 80" అని ఉండి ఉంటే, బ్యాగు పంపాక మిగిలిన 3000కి 80 పడి, 400 కాస్తా 320 అయ్యేది.

మొదటి రకం ఛార్జీ విషయంలో చట్టాలు దేశాన్ని బట్టి మారతాయి. యూరోపియన్ యూనియన్‌లో 2011 నాటి వినియోగదారుల హక్కుల డైరెక్టివ్ ప్రకారం ఆన్‌లైన్‌లో కొన్నవాటిని మామూలుగా 14 రోజుల్లోపు ఏ కారణమూ చెప్పకుండా వద్దనుకోవచ్చు. మొత్తం ఆర్డర్ వద్దనుకుంటే మొదట కట్టిన మామూలు డెలివరీ ఛార్జీ కూడా తిరిగి ఇవ్వాలి. తొందరగా కావాలని ఎక్కువ కట్టి ఉంటే ఆ అదనం మాత్రం ఇవ్వక్కర్లేదు. వెనక్కి పంపే ఖర్చు కొన్నవాళ్లదే అని షాపు ముందే చెప్పి ఉంటే అది మనమే భరించాలి. మీరున్న చోట ఇలాంటి రక్షణ లేకపోతే షాపు రాసిపెట్టిన నిబంధనే ఆధారం, కాబట్టి కొన్న రోజు పేజీ స్క్రీన్‌షాట్ విలువైనది. ఆ పేజీలు తర్వాత మారిపోతుంటాయి.

పికప్ ఛార్జీ ఉన్న చోట మీరే దగ్గరి సెంటర్‌లో ఇచ్చే వీలుంటే ఆ ఛార్జీ తప్పుతుందేమో చూడండి. ఒక్కో రిటర్న్‌కి ఒక్కో పికప్ ఛార్జీ పడే షాపులో రెండు వస్తువులు ఒకే రిక్వెస్ట్‌లో పెట్టండి. ఇంతకంటే దీనిలో లోతేమీ లేదు.

గిఫ్ట్ విషయం

గిఫ్ట్ దగ్గర మనసుకి ఎక్కువ బాధ కలుగుతుంది, ఎందుకంటే అది ఉచితం అని చెప్పి ఇచ్చారు. అక్క ఆర్డర్‌కి 3500 దాటినందుకు ఒక పౌచ్ వచ్చిందనుకోండి, ఆఫర్ పేజీలో దాని విలువ 220 అని ఉంది. బ్యాగు పంపాక గిఫ్ట్‌కి అర్హత పోయింది. పౌచ్ పంపకపోతే ఆ 220 కూడా కోస్తారు. 400 లోంచి డెలివరీ 80, గిఫ్ట్ 220 పోతే చేతికి 100. వెయ్యి బ్యాగు, వంద రీఫండ్!

ఇక్కడ ఎంచుకోవాల్సింది: గిఫ్ట్ వెనక్కి పంపడమా, దాని విలువ వదులుకోవడమా. వాడకుండా ఉంటే, విడిగా కొనాలంటే మీరు 220 పెట్టి కొంటారా అని అడిగి చూసుకోండి. కొనరు అంటే పంపేయండి. పాడైపోతే, వాడేసి ఉంటే, కోత ఏ ధర మీద పడుతుందో చూడండి. అదే పౌచ్‌ని ఆ షాపే 120కి అమ్ముతుంటే 220 కోయడం సరికాదు. ఆ పేజీ స్క్రీన్‌షాట్‌తో అడిగితే వినే అవకాశం ఉంటుంది.

గిఫ్ట్ పంపాలని నిర్ణయించుకుంటే బ్యాగుతో పాటు అదే పెట్టెలో పెట్టి పంపండి. పెట్టె మూసే ముందు రెండూ కనిపించేలా ఒక ఫోటో తీయండి. రిటర్న్ పేజీలో గిఫ్ట్ విడిగా కనబడకపోతే చాట్‌లో "గిఫ్ట్ కూడా పంపుతున్నాను" అని ఒక మాట రాసి ఉంచండి. గోడౌన్‌లో పెట్టె విప్పేవాళ్లు రిటర్న్ స్లిప్‌లో ఉన్నదే లెక్కపెడతారు. స్లిప్‌లో లేని పౌచ్ వాళ్ల చేతికి వచ్చినా రానట్టే అయిపోతుంది.

తప్పు షాపుదైతే

పై లెక్కలన్నీ మీకు నచ్చక, సరిపోక పంపిన వస్తువులకి. చినిగినది వచ్చినా, వేరేది వచ్చినా సంగతి వేరు. అప్పుడు కూడా కూపన్ వాటా పోను 850 ఇవ్వడం సరైనదే, ఎందుకంటే మీరు కట్టింది అంతే. కానీ కూపన్ రద్దు చేయడం, ఉచిత డెలివరీ వెనక్కి లాక్కోవడం, పికప్ ఛార్జీ కోయడం, గిఫ్ట్ విలువ తగ్గించడం, ఇవేవీ ఒప్పుకోకండి. ఆర్డర్ 3500 కిందికి పడిపోవడానికి కారణం మీరు కాదు.

ఇలాంటప్పుడు డబ్బు కంటే అదే వస్తువు మళ్లీ పంపమనడం మేలు. కూపన్‌తో కొన్న ధరకే మంచి బ్యాగు వస్తుంది. డబ్బు తీసుకుంటే 850 వస్తుంది, మళ్లీ కొనాలంటే 1000 పెట్టాలి. స్టాక్ లేదంటే రీఫండ్ తీసుకుంటూనే ఆ 150 తేడాకి కూపన్ అడగండి.

రిటర్న్ కారణం దగ్గర ఉన్నది ఉన్నట్టు పెట్టండి. లోపం ఉన్న వస్తువుకి తొందరలో "నచ్చలేదు" అని నొక్కేస్తే కోతలన్నీ పడతాయి, తర్వాత మార్చించడం కష్టం. అలాగే బాగున్న వస్తువుకి "పాడైంది" అని పెడితే వాళ్లు విప్పి చూసి రిటర్నే తిరస్కరించవచ్చు.

స్టోర్ క్రెడిట్ ఇస్తామంటే

కొన్ని షాపులు డబ్బుగా అయితే 400, స్టోర్ క్రెడిట్‌గా అయితే 850 అంటాయి. గడువులోపు అక్కడే ఎలాగూ కొనబోతుంటే క్రెడిట్ తీసుకోవచ్చు. తీసుకునే ముందు రెండు చూడండి: గడువు ఎంత, దాన్ని కూపన్లతో కలిపి వాడనిస్తారా లేదా. క్రెడిట్ వాడినప్పుడు కూపన్ పనిచేయదంటే దాని అసలు విలువ కనబడినంత ఉండదు. క్రెడిట్‌తో కొన్నది మళ్లీ రిటర్న్ చేస్తే డబ్బు రాదు, క్రెడిటే వస్తుంది. రెండిటి మధ్య తేడా కొద్దిపాటిదైతే నేను డబ్బే తీసుకుంటాను.

ఆర్డర్‌లో కొంత పాయింట్లతో, కొంత కార్డుతో కట్టి ఉంటే రీఫండ్ తక్కువైందని టెన్షన్ పడే ముందు ఆ పాయింట్లు కూడా చూడండి. చాలాసార్లు మిగిలిన భాగం అక్కడ చేరి ఉంటుంది.

ఇప్పటికే తగ్గి వచ్చి ఉంటే ఏం రాయాలి

"డబ్బు తక్కువ వచ్చింది, సరిచేయండి" అని రాస్తే కూపన్ నిబంధనల పేరా ఒకటి అతికించి పంపేస్తారు. వాళ్ల పద్ధతితోనే లెక్క చూపించాలి. అక్క చేత ఇలా రాయించాను:

"నా ఆర్డర్ 4000, కూపన్ 600, కట్టింది 3400. బ్యాగు రిటర్న్ చేశాక నా దగ్గర మిగిలిన వస్తువుల ధర 3000. కూపన్ పూర్తిగా రద్దు చేసినా నాకు 400 రావాలి. వచ్చింది 250. కోసిన 750లో 600 కూపన్‌ది. మిగతా 150 దేనికి కోశారో చెప్పండి, కారణం లేకపోతే తిరిగి వేయండి."

మొదట అదే పేరా వచ్చింది. అక్క మళ్లీ ఆ చివరి ప్రశ్న ఒక్కటే అడిగింది. రెండోసారి వేరే మనిషి చూసినట్టున్నారు, మూడో రోజుకి 150 జమ అయింది.

షాపు అసలు పలకకపోతే ఫిర్యాదుల విభాగానికి, ఆ తర్వాత మీరున్న చోటి వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చు. కార్డుతో కట్టి ఉంటే బ్యాంకు ద్వారా అభ్యంతరం పెట్టే వీలు కూడా ఉంటుంది, దానికి గడువు ఉంటుంది కాబట్టి నానబెట్టకండి. అయితే బ్యాంకుకి వెళ్లేది లెక్కలో తప్పు జరిగినప్పుడే. 1000 రాలేదని వెళ్తే, రూల్స్‌లో కూపన్ రద్దు గురించి రాసి ఉన్న షాపు దాన్నే చూపిస్తుంది, బ్యాంకు వాళ్ల మాటే నిలబెట్టే అవకాశం ఎక్కువ. అడగాల్సింది ఆ 150.

ఇలాంటి కూపన్ మళ్లీ వాడేటప్పుడు

మొత్తం దాటితేనే పనిచేసే కూపన్ వాడేటప్పుడు, తప్పకుండా ఉంచుకునే వస్తువులతోనే ఆ మొత్తం దాటేలా చూసుకోండి. సైజు అనుమానం ఉన్నవాటిని వేరే ఆర్డర్‌గా పెట్టండి. అక్క ఆర్డర్‌లో ఖాయంగా కావలసినవి షూస్, హెడ్‌ఫోన్స్, మొత్తం 3000. కూపన్‌కి 500 తక్కువ. ఆ 500 కోసమే బ్యాగు వేసింది, బ్యాగు నిలబడలేదు, దాంతో కూపన్ కూడా పోయింది. ఎప్పుడూ వాడేదే, 500 కంటే కాస్త ఎక్కువ ధర ఉన్న ఏదో ఒక వస్తువు వేసి 3500 దాటించి, బ్యాగు విడిగా తెప్పించుకుని ఉంటే ఆ 600 దక్కేది, బ్యాగుకి బ్యాగు డబ్బు వచ్చేది. ఇక కనీస మొత్తం ఏమీ లేకుండా నూటికి ఇంత అని తగ్గించే కూపన్ దొరికితే, తగ్గింపు కాస్త తక్కువైనా సైజు అనుమానం ఉన్నవాటికి దాన్నే వాడండి. అందులో ఏది వెనక్కి పంపినా దాని తగ్గింపు దానితోనే పోతుంది, మిగతావాటిని ముట్టుకోదు.